తింటే తగ్గే నొప్పి

మా వదినగారు, అంటే మా వారి అక్క, నా వంట మీద మొదటి మాట అన్నది నా పెళ్లయిన మూడో ఆదివారం. బాపట్లలో ఆమె ఇంట్లో, మేం గుడి అనే చర్చి నుంచి వచ్చాక, భోజనాల దగ్గర. నేను కృష్ణ ఒడ్డున మా పుట్టింటి ఊరు పెనుమూడి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి ఆమె కంచంలో వడ్డించాను. ఆమె కళ్లు మూసుకుని, ఈ ఆహారాన్ని దీవించమని దేవుణ్ణి చాలాసేపు అడిగింది. కళ్లు తెరిచి ఆ పచ్చడిని వేలి చివరతో కంచం అంచుకు నెట్టింది. "ఏటొడ్డు వాళ్లు కారంలోనే అన్నం కలుపుతారు కాబోలు," అంది. నవ్వుతూనే అంది. బల్ల చుట్టూ ఆరుగురున్నాం. ఎవరెవరు నవ్వారో నేనిప్పటికీ వరుసగా చెప్పగలను.

ఆమె ఒక పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చీర, బిగించిన జడ, చేతికి లోపలి వైపు పెట్టుకున్న గడియారం. మా ఇంటి జ్వరాలు, దగ్గులు, పురుళ్లు అన్నీ ఆమె చెప్పినట్టే నడిచేవి. ఆమె మాటకు ఎదురు చెప్పిందాన్ని నేనొక్కదాన్నే. అందుకు నాకు వచ్చిన పేరు కూడా తెలుసు: గొడవ మనిషి. కుళాయి నీళ్లు మురికిగా వస్తే మున్సిపాలిటీకి నాలుగుసార్లు అర్జీ పెట్టిందాన్ని నేనే. అర్జీ పెట్టినవాళ్లకి చెడ్డపేరు, ఆ తర్వాత శుభ్రమైన నీళ్లు పట్టుకున్నవాళ్లకి ఏ పేరూ లేదు. అది వేరే సంగతి.

మేం తెనాలిలో ఉండేవాళ్లం. మా వారు రేపల్లెలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే పాసింజరు బండి ఎక్కి, మళ్లీ సాయంత్రం బండికి దిగేవారు. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే రెండు వైపులా వరి చేలు కిటికీలోకి వచ్చేసినట్టుండేవి. సెలవు రోజుల్లో నేనూ ఆయనతో ఊరికే వెళ్లివచ్చేదాన్ని. ఇప్పుడు ఆయన ఉద్యోగం మానేశారు, నాకూ ఆ బండి ఎక్కే పని లేదు. కానీ ఊకా, తడి వడ్లూ కలిసిన మిల్లు వాసన ఆయన చొక్కాల్లోంచి పోవడానికి రెండేళ్లు పట్టింది. పోయాక వెలితిగా అనిపించింది.

నొప్పి ఆయన యాభై నాలుగో ఏట మొదలైంది. బొడ్డుకు పైన, రొమ్ము ఎముక కింద, ఒక్క వేలు పెట్టి చూపించగలిగినంత చోట. మంట అనేవారు ఒకరోజు, లోపల ఏదో కూర్చుని కొరుకుతోంది అనేవారు ఇంకో రోజు. పొద్దున ఎనిమిదింటికి ఇడ్లీ తింటే పదకొండుకల్లా మొదలయ్యేది. రెండు బిస్కెట్లు తింటే పావుగంటలో తగ్గేది. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే పూర్తిగా పోయేది. మళ్లీ నాలుగింటికి హాజరు. తెల్లవారుజామున నొప్పితోనే లేచేవారు. మిల్లులో బస్తాలు మోసే ముఠా వాళ్లకి అది సరదా అయిపోయింది. గుమాస్తా గారు బిస్కెట్ ప్యాకెట్టు తీశారంటే పదకొండయిందని పని ఆపి టీకి వెళ్లేవాళ్లట. మా వారు ఆ మాట నాకు చెప్పి నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు. ఇంటి పెద్దకు కడుపు మాడుతుంటే ఆయన్ని గడియారం చేసుకోవడమేంటి?

సంగతి బాపట్లకు చేరింది. వదినగారు ఆ ఆదివారమే దిగింది. తమ్ముణ్ణి మంచం మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"కడుపులో పుండు పడిందమ్మా వాడికి. ఇన్నేళ్ల నీ కారం ఊరికే పోతుందా?"

ఆమె నర్సు పని నేర్చుకున్న రోజుల్లో వైద్యం అదే. పుండంటే కారం, కాఫీ, దిగులు. దానికి మందు పాలు. రెండు గంటలకొకసారి గ్లాసుడు పాలు, చప్పిడి ఇడ్లీ, మెత్తటి మజ్జిగన్నం. ఆమె పనిచేసిన వార్డుల్లో అలాగే చేసేవాళ్లట. నేనొక్కటే అడిగాను.

"కారం వల్లే అయితే, నా క్యారేజీ విప్పి తిన్నాక నొప్పి పెరగాలి కదండీ వదినగారూ? తింటే తగ్గుతోందేంటి మరి?"

"వాదనకేం తక్కువ లేదు," అని తమ్ముడితో అంది, నాతో కాదు. నేనక్కడే ఉన్నాను.

పాలు తాగితే ఆయనకు కాసేపు హాయిగానే ఉండేది. కాసేపే. నేను పట్టుబట్టి తెనాలిలో కడుపు జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ రోజు వదినగారు లేదు. డాక్టరు వయసులో చిన్నవాడు, తొందరపడకుండా వినేవాడు. నొప్పి ఎక్కడ, తింటే ఎలా ఉంటుంది, తిన్న ఎంతసేపటికి మళ్లీ వస్తుంది అని అడిగాడు. నేను అదే ప్రశ్న డాక్టరు ముందూ పెట్టాను: తిండి వల్ల వచ్చే నొప్పయితే తింటే ఎందుకు తగ్గుతుందని. నా జన్మలో ఒక డాక్టరు నా ప్రశ్నకు తలూపడం అదే మొదలు.

"మేం కూడా అక్కడే మొదలుపెడతామమ్మా," అన్నాడు. కడుపు దాటగానే చిన్నపేగు మొదట్లో పుండు పడితే తరచుగా ఇలాగే ఉంటుందన్నాడు. తిన్నంతసేపూ అన్నం కడుపులో ఊరే ఆమ్లాన్ని పీల్చుకుని దాని పదును తగ్గిస్తుంది. రెండు మూడు గంటల్లో కడుపు ఖాళీ అయ్యాక ఆమ్లం పచ్చిపుండు మీద పడుతుంది, అప్పుడు కొరుకుతుంది. అందరికీ ఇలాగే ఉండాలని లేదు, నొప్పి లక్షణాన్ని బట్టి అనుమానించవచ్చు గానీ తేల్చలేమన్నాడు. అలాంటి పుండ్లకు ఎక్కువగా కారణం రెండే అని చెప్పాడు. ఒకటి కీళ్లనొప్పులకీ ఒంటినొప్పులకీ మింగే మాత్రలు. రెండోది ఒక సూక్ష్మక్రిమి. కడుపు గోడ మీదుండే జిగురు పొరలో దాక్కుని, చుట్టూ ఆమ్లం విరిగిపోయే పదార్థాన్ని తనే తయారు చేసుకుని బతుకుతుందట. ఏళ్ల తరబడి ఉండి ఆ పొరను పాడుచేస్తుంది, కొందరిలో ఆమ్లం ఎక్కువ ఊరేలా చేస్తుంది.

"మరి కారం?" అన్నాను.

"కారం పుండు చెయ్యదమ్మా. ఉన్న పుండు మీద పడితే కొందరికి చురుక్కుమంటుంది, అంతే."

ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమందామనుకున్నాను. మా వారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

డాక్టరు ఇంకో రెండు ప్రశ్నలడిగాడు. నొప్పి మాత్రలు వాడతారా అన్నాడు. లేదండి అన్నారు మా వారు. ఇంకేమైనా మందులు? మా వారు నా వైపు చూశారు. ఏ మందూ లేదండి అని నేనే చెప్పాను.

నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూశారు. పుండు ఉంది, చిన్నపేగు మొదట్లోనే. కడుపు లోపలి నుంచి మెంతిగింజంత ముక్క తీసి, పసుపు రంగు జిగురున్న చిన్న బిళ్లలో పెట్టారు. క్రిమి ఉంటే అది గులాబీ రంగుకు తిరుగుతుందన్నారు. మేం బయట బల్ల మీద కూర్చున్నాం. నేను ఆ గదిలోకి మూడుసార్లు తొంగి చూసి, అక్కడి అమ్మాయి చేత మాట పడ్డాను. పసుపు పసుపుగానే ఉండిపోయింది.

క్రిమి కనబడలేదని రాసి, ఆమ్లం తగ్గించే మాత్రలు ఎనిమిది వారాలకు ఇచ్చారు. ఆ కాగితం వదినగారు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"మాత్రలు లేవన్నారు, క్రిమీ లేదన్నారు. ఇక మిగిలిందేంటమ్మా?" అంది.

మిగిలింది నేనే. ఆ రోజు నుంచి నాలుగు నెలలు నా ఇంట్లో ఎండుమిరపకాయ వాసన లేదు. పచ్చళ్ల జాడీలు బాపట్లకు తరలిపోయాయి. ఎవరు తిన్నారో నాకు తెలియదు గానీ జాడీలు ఖాళీగా తిరిగొచ్చాయి. క్యారేజీలో చప్పిడి పప్పు, పెరుగన్నం. మా వారు పాపం పెట్టింది తిన్నారు. గుడిలో మాత్రం ఒకావిడ, ఇప్పుడు మీవారి ఆరోగ్యం కుదుటపడిందట కదా, వంట మారిందట కదా అంది. ఆ వార్త బాపట్ల నుంచి తెనాలికి బండి కంటే ముందొచ్చింది.

నొప్పి తగ్గిన మాట నిజమే. మాత్రలు అయిపోయిన రెండు నెలలకు మళ్లీ వచ్చింది. అదే చోట, అదే పదకొండు గంటలకు.

ఒక మిరపగింజ కూడా పడని పొట్ట అది. ఆయన నొప్పికి బాధ పడ్డాను, ఆ మాట ముందు చెప్తున్నాను. ఆ తర్వాతే వదినగారికి ఫోను చేశాను. "మిగిలింది కారమేనన్నారు. కారం మానేసి ఇన్నాళ్లయింది. ఇప్పుడేం మిగిలిందో మీరే వచ్చి డాక్టరుకు చెప్పండి," అన్నాను. రాదనుకున్నాను. మూడోనాడు పొద్దున బండికి దిగింది, ఇస్త్రీ చీరలో.

డాక్టరు గదిలో ముగ్గురం కూర్చున్నాం. మొదట నేనే మొదలుపెట్టాను. మీ పరీక్ష తప్పండీ, నమ్మను, మళ్లీ చెయ్యండి అన్నాను. డాక్టరు కోపగించుకోలేదు. మానిన పుండు ఇంత త్వరగా తిరిగొచ్చిందంటే తనకూ క్రిమి మీదే అనుమానంగా ఉందన్నాడు. పాత కాగితాలు తిరగేశాడు.

"అప్పుడు పరీక్షకు ముందు ఏ మందులూ వాడలేదు కదమ్మా?"

"లేదండి," అన్నాను నేను. మా వారూ తల అడ్డంగా ఊపారు.

వదినగారు మాత్రం ఊపలేదు. చేతికి లోపలివైపున్న గడియారాన్ని కాసేపు సవరించుకుంది.

"గ్యాస్ బిళ్ల కూడా లెక్కేనా బాబూ?" అంది.

డాక్టరు చేతిలో కలం ఆగింది. ఏ బిళ్ల అని అడిగాడు. ఆమె పేరు చెప్పింది, ఎన్ని మిల్లీగ్రాములో కూడా చెప్పింది. పరగడుపున రోజుకొకటి, గొట్టం వేసిన రోజుకు ముందు నెలా పది రోజులు.

"వీళ్లని అడగకండి. నేనే ఇచ్చాను. ఆదివారం ఆదివారం ఒక అట్ట పంపించేదాన్ని. ఇప్పుడూ వారం నుంచి వాడుతున్నాడు."

అది నిజమే. ఆ అట్టలు మా ఇంట్లో పంచదార డబ్బా పక్కన ఉండేవి. ఆయన బండికి వెళ్లేముందు మంచినీళ్లతో వేసుకునేవారు, నేనే గ్లాసు అందించేదాన్ని. మా ఇళ్లలో గ్యాస్ బిళ్లను ఎవరు మందంటారు? అది వాముకీ సోడాకీ అన్న లాంటిది. డాక్టరు మందులేమైనా ఉన్నాయా అంటే బీపీ మాత్రలు, షుగరు మాత్రలు గుర్తొస్తాయి. నా నోటితో నేనే లేదన్నాను, రెండుసార్లు. ఈ విషయంలో నా తప్పు కూడా ఉందని ఒప్పుకుంటున్నాను. అయితే డాక్టరు 'గ్యాస్ బిళ్ల' అని విడిగా అడిగి ఉండవలసింది. ఆ మాట ఆయనతోనే అన్నాను. ఆయన, నిజమేనమ్మా, ఇకనుంచి అడుగుతాను అన్నాడు.

ఆ బిళ్ల ఆమ్లాన్ని తగ్గించేదే. అది వాడుతుంటే క్రిమి చావదు గానీ సంఖ్య తగ్గి, నీరసించి, పరీక్షకు దొరక్కుండా పోతుందట. కనీసం రెండు వారాలు ఆపి చూడాలి. ఈసారి గొట్టం అవసరం లేదు, మలపరీక్షలో తెలుస్తుందన్నాడు. ఆ రెండు వారాలూ నొప్పి వస్తే తాగడానికి సీసా మందు ఒకటి రాశాడు, అది పరీక్షకు అడ్డురాదట. మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం కక్కినా, కళ్లు తిరిగినా రెండు వారాలయ్యాక చూద్దాం అనుకోకుండా వెంటనే రమ్మన్నాడు. లేవబోతుంటే వదినగారు, ఈ క్రిమి ఎక్కణ్నుంచి వస్తుంది బాబూ అని అడిగింది. ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి, లేదా మంచిది కాని నీళ్ల వల్ల అంటుకుంటుందని, చాలామందికి ఏ బాధా లేకుండానే ఉండిపోతుందని, మీ తమ్ముడికి ఎక్కడ అంటిందో ఎవరూ చెప్పలేరని అన్నాడు.

ఆ పధ్నాలుగు రోజులూ ఆమె మా ఇంట్లోనే ఉంది. తమ్ముడు ఎక్కడైనా దొంగతనంగా బిళ్ల మింగుతాడేమోనని చొక్కా జేబులు వెతికేది. అన్నం తింటేనే నొప్పి తగ్గుతుంది కాబట్టి రెండున్నర గంటలకొకసారి ఏదో ఒకటి పెట్టాలని ఇద్దరం అనుకోకుండానే పని పంచుకున్నాం. మిల్లులో పదకొండింటికి ఆయన చేతికి వేడిగా ఏదైనా అందాలని ఒకరోజు నేను, ఒకరోజు ఆమె రేపల్లె వెళ్లాం. మూడో నాలుగో రోజున ఇద్దరం కలిసి వెళ్లాం. చిన్న క్యారేజీ నా ఒళ్లో, మంచినీళ్ల సీసా ఆమె ఒళ్లో. కోతలైన చేలలో మినుము పచ్చగా లేచి ఉంది. కిటికీలోంచి ఎండ ఆమె సగం మొహం మీద పడుతోంది. పెళ్లయిన పాతికేళ్లకు మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఒక గంటసేపు ప్రయాణం చేయడం అదే మొదటిసారి.

భట్టిప్రోలు దాటాక ఆమె తనంతట తనే చెప్పింది. వాళ్లమ్మ పోయేటప్పటికి మా వారికి మూడేళ్లు, ఆమెకు పదకొండు. వాడికి అన్నం ఎవరు పెట్టినా తినేవాడు కాదట. తన కంచంలోంచి, తన నోట్లో నమిలి మెత్తగా చేసి పెడితేనే తినేవాడట. "ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అని డాక్టరు అన్నప్పటి నుంచి అదే అనుకుంటున్నాను," అంది.

నా దగ్గర మాట సిద్ధంగా ఉంది. అంటే మీ ఇంటి నుంచే వచ్చిందన్నమాట, ఏటొడ్డు నుంచి కాదు. ఆ మాట కోసం నేను పాతికేళ్లు ఆగాను. నాలుక మీదకు వచ్చింది కూడా.

"ఎక్కడ అంటిందో ఎవరూ చెప్పలేరన్నాడు కదండీ. అది కూడా వినండి," అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. ఆమె కిటికీ వైపు తిరిగింది. రేపల్లెలో దిగేటప్పుడు క్యారేజీ నా చేతిలోంచి తనే తీసుకుంది.

పదిహేనో రోజు పొద్దున పరీక్షకు ఇచ్చాం. మా వారు సిగ్గుపడి ఆ డబ్బాను మిఠాయి కొట్టు సంచిలో పెట్టి తీసుకెళ్లారు. సాయంత్రానికి కాగితం వచ్చింది. క్రిమి ఉంది. ఇంట్లో జబ్బుందని తెలిసి అంత సంతోషించిన ఆడవాళ్లు మేమిద్దరమే ఉంటాం.

మూడు రకాల మాత్రలు, పొద్దున సాయంత్రం, పధ్నాలుగు రోజులు. వాటిలో రెండు క్రిమిని చంపేవి, ఒకటి ఆమ్లం తగ్గించేది. ఒక్క పూట కూడా తప్పకూడదని, సగంలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయని డాక్టరు చెప్పాడు. ఆ పని వదినగారికి వదిలేశాను. ముప్పై ఏళ్లు వార్డులో మాత్రలు మింగించిన మనిషి, తమ్ముడు నోరు తెరిచి నాలుక చూపిస్తే గానీ వెళ్లేది కాదు. ఆయనకు రెండు వారాలూ నోరంతా ఇనుము నాకినట్టుండేదట. నాలుగో రోజు ఇక నావల్ల కాదన్నారు. అప్పుడు నేను తిట్టాను, ఆమె నిలబడి చూసింది. ఆ రోజు మాత్రం, వాదనకేం తక్కువ లేదు అనలేదు.

మందులన్నీ ఆపి ఆరు వారాలు ఆగాక మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి క్రిమి లేదని వచ్చింది. నేను ఊరుకోలేదు. మొదట కూడా ఇలాగే లేదన్నారు కదా, ఎలా నమ్మాలన్నాను. డాక్టరు నవ్వి, గ్యాస్ బిళ్ల ఏమైనా పడిందా అని అడిగాడు. ఒక్కటీ లేదని వదినగారు ప్రమాణం చేసినట్టు చెప్పింది. అయితే నమ్మండి, ఇక మామూలుగా తినొచ్చు అన్నాడు.

ఆ మధ్యాహ్నం గోంగూర నూరాను, ఎండుమిరపకాయలు వేయించి. ఇల్లంతా దగ్గు. మా వారు నాలుగుసార్లు కలుపుకున్నారు. వదినగారు ప్రార్థన చేసి, పచ్చడి వేసుకుని, తిని, చెయ్యి కడుక్కుని, సాయంత్రం బండికి బాపట్ల వెళ్లిపోయింది. నీ వంట వల్ల కాదమ్మా అనే ఆ ఒక్క మాట కోసం నేను స్టేషను దాకా వెళ్లాను. బండి కదిలేదాకా నిలబడ్డాను. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పింది, మజ్జిగ పల్చగా చెయ్యమంది. ఆ మాట అనలేదు. ఆ తర్వాత ఏడేళ్లు ఎన్నో ఆదివారాలు కలిశాం. అప్పుడూ అనలేదు. మా వారికి ఆ నొప్పి మళ్లీ రాలేదు.

ఆమె పోయి రెండేళ్లు. గుండె ఆగిపోయింది, నిద్రలోనే. బాపట్లలో జ్ఞాపకార్థ కూడికకు వెళ్లినప్పుడు ఆమె గుడి స్నేహితురాలు ఒకావిడ నా చేతులు పట్టుకుంది. మీరేనా తెనాలి మరదలు అంది. మా ఆడవాళ్ల కూటంలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా మీ వదినగారు మీ కథే చెప్పేదమ్మా అంది. తింటే తగ్గే నొప్పయితే పాలు తాగి ఊరుకోవద్దని, డాక్టరుకు చూపించుకోమని, గ్యాస్ బిళ్ల వాడుతుంటే దాచకుండా చెప్పమని, ఆ తప్పు తాను చేశానని చెప్పేదట. "మా తమ్ముడి పెళ్లాం వంట వల్ల అని ఏళ్ల తరబడి అన్నాను, ఆ పిల్ల వంటలో ఏ దోషమూ లేదు అనేదమ్మా. నలుగురిలో అనేది." పక్కనున్నావిడ కూడా విన్నానంది. ఆమె వెనకావిడ కూడా.

ఇరవై మందికి చెప్పింది. నాకు తప్ప. తెనాలి బాపట్లకు ఎంతో దూరం లేదు, ఆమె దగ్గర ఫోను కూడా ఉండేది. ఆ సంగతి మాత్రం నేను వదిలిపెట్టలేదు. తిరుగు బండిలో మా వారితో అన్నాను, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, పైన కలిసినప్పుడు ఆమెనే అడుగుతాను.